ముగ్గురు కూర్చున్న ఇంటర్వ్యూ తర్వాత ఒక్క థాంక్యూ మెయిల్

ప్రశ్న: ఈరోజు మధ్యాహ్నం బాచుపల్లి వైపు ఒక ఫార్మా కంపెనీ క్వాలిటీ అష్యూరెన్స్ విభాగంలో క్యూఏ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ అయింది. క్యూఏ హెడ్, ప్రొడక్షన్ మేనేజర్, హెచ్‌ఆర్ మేడమ్ ముగ్గురూ కూర్చున్నారు. ఒకే డీవియేషన్, అంటే పద్ధతి తప్పిన ఘటన, మళ్లీ మళ్లీ వస్తుంటే ఏం చేస్తావని ప్రొడక్షన్ సార్ అడిగారు. షిఫ్ట్ మారేటప్పుడు చేయాల్సిన చెక్ ఎవరు చేయాలో తేలక తప్పిపోతోందేమో చూస్తానన్నాను. ఆ ఒక్క విషయం మీదే పది నిమిషాలు ప్రశ్నలు వేశారు. చేసిన మార్పు పనిచేసిందో లేదో చూసే ఎఫెక్టివ్‌నెస్ చెక్ గురించి చెప్పడం మర్చిపోయానని బయటికొచ్చాక గుర్తొచ్చింది. థాంక్యూ మెయిల్ పెట్టమని ఫ్రెండ్ అంటున్నాడు. నా దగ్గర హెచ్‌ఆర్ మెయిల్ ఐడీ ఒక్కటే ఉంది. నాకు నాలుగేళ్ల అనుభవం, అంతా బ్యాచ్ రికార్డుల రివ్యూనే. ఏం రాయాలి, ఎవరికి రాయాలి? (కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పెట్టండి. రేపు పొద్దున పది, పదకొండు గంటల మధ్య హెచ్‌ఆర్ ఇన్‌బాక్స్‌లో ఉండేలా చూసుకోండి. చాలా కంపెనీల్లో ప్యానెల్ సభ్యులు తమ అభిప్రాయాన్ని ఫారంలో అదే రోజు సాయంత్రమో మర్నాడో రాసేస్తారు. అది రాయకముందే చేరితే మీ మెయిల్‌కు విలువ. మూడు రోజుల తర్వాత చేరితే అది మర్యాద కిందే మిగిలిపోతుంది. అలాగని ఈ రాత్రి పదకొండింటికి పంపకండి. అలసిపోయి రాసిన మెయిల్‌లో తప్పులు దొర్లుతాయి. ఈ రాత్రి రాసిపెట్టుకుని పొద్దున లేచాక ఒకసారి చదివి పంపండి.

అయితే మెయిల్ కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది ఇప్పుడే చేయండి. ఒక కాగితం తీసుకుని ప్రొడక్షన్ మేనేజర్ అడిగిన ప్రశ్నను ఆయన వాడిన మాటల్లోనే రాసుకోండి. దాని కింద మీరు చెప్పిన జవాబు, దాని మీద ఆయన వేసిన రెండో ప్రశ్న, మూడో ప్రశ్న రాయండి. రేపటికి ఆయన మాటలు మర్చిపోయి మీ మాటలే గుర్తుంటాయి. మెయిల్‌లో పనికొచ్చేది మాత్రం ఆయన మాటే. ఆయన “రిపీట్ డీవియేషన్” అని ఉంటే మీరూ అదే రాయాలి, “పునరావృత లోపాలు” అని మార్చకూడదు. తను అడిగిన ప్రశ్న తన మాటల్లోనే తిరిగి వస్తే, ఆ రోజు పది మందిని చూసిన మనిషికి కూడా మీ ముఖం గుర్తొస్తుంది.

ఏ విషయం ఎంచుకోవాలన్నదే ఈ మెయిల్‌లో అసలు పని. మీకు ఆ కష్టం లేదు. ప్యానెల్‌లో ఒకరు వదలకుండా పట్టుకున్న ప్రశ్న, చేరిన మొదటి నెలలోనే మీ బల్ల మీదికి వచ్చే పని, మీరు కొత్తగా ఒక్క వాక్యం చేర్చగల చోటు, ఈ మూడూ ఒకే దగ్గర కలిశాయి. ఇలా కలవనప్పుడు చాలామంది క్యూఏ హెడ్ చెప్పిన కంపెనీ విస్తరణ ప్రణాళికను పొగుడుతూ రాస్తారు. విన్నానని చెప్పడం తప్ప అందులో ఏమీ ఉండదు. జీతం, నోటీస్ పీరియడ్, మా ఊరూ మీ ఊరూ ఒకటేనన్న మాట కూడా ఈ మెయిల్‌లోకి రాకూడదు.

మర్చిపోయిన ఎఫెక్టివ్‌నెస్ చెక్‌ను తప్పకుండా చేర్చండి, కానీ జాగ్రత్తగా. “టెన్షన్‌లో చెప్పలేకపోయాను, క్షమించండి” అని మొదలుపెడితే వాళ్లు గమనించని లోటును మీరే వేలు పెట్టి చూపించినట్టు అవుతుంది. “నిన్న చెప్పినదానికి ఒకటి చేర్చాలి” అంటే చాలు. చర్చ ముగిశాక కూడా మీరు దాని గురించి ఆలోచించారని ఆ మాటే చెబుతుంది.

ఆ చేర్చే వాక్యం ఎలా ఉండాలో కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే దాన్ని చదివేది ప్రొడక్షన్ మనిషి. టాబ్లెట్ కంప్రెషన్‌లో ప్రతి అరగంటకూ బరువు చూసి బ్యాచ్ రికార్డులో రాయాలనుకుందాం. ఏ షిఫ్ట్ రెండింటికి ముగుస్తుంది, బీ షిఫ్ట్ రెండింటికే మొదలవుతుంది. ఒంటిగంటన్నర ఎంట్రీ ఉంది, రెండున్నర ఎంట్రీ ఉంది, రెండు గంటలది ఖాళీ. దిగిపోయేవాడు వచ్చినవాడు చూస్తాడనుకున్నాడు. వచ్చినవాడేమో తన మొదటి చెక్ రెండున్నరకనుకున్నాడు. దీనికి “ఆపరేటర్ పొరపాటు” అని కారణం రాసి, “మళ్లీ ట్రైనింగ్ ఇచ్చాం” అని క్యాపా, అంటే దిద్దుబాటు చర్యల ఫైలు, మూసేస్తే నెల తిరక్కుండానే అదే ఖాళీ మళ్లీ కనిపిస్తుంది. ఇద్దరికీ చెక్ చేయడం వచ్చు, తెలియనిది ఆ రెండు గంటల చెక్ ఎవరిదన్నదే. కాబట్టి దిగిపోయే ఆపరేటరే ఆ చెక్ పూర్తి చేసి, ఆ తర్వాతే హ్యాండోవర్ మీద సంతకం పెట్టాలని పద్ధతిలోనే రాయాలి. మీరు గదిలో చెప్పింది దాదాపు ఇదే కనుక దాన్ని మెయిల్‌లో మళ్లీ విప్పి చెప్పక్కర్లేదు.

చేర్చాల్సిందల్లా ఆ మార్పు పనిచేసిందని ఎలా తెలుస్తుందన్న మాట. ఇక్కడే చాలామంది చేయి జారతారు. “తర్వాతి పది బ్యాచ్‌లు చూస్తాను” అని ఒక గుండ్రటి సంఖ్య రాసేస్తారు. ఆ ఖాళీ సగటున ఎనిమిది బ్యాచ్‌లకోసారి వస్తోందనుకోండి. ఏ మార్పూ చేయకపోయినా వరుసగా పది బ్యాచ్‌లు శుభ్రంగా గడిచిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. అంటే పది బ్యాచ్‌లు బాగున్నంత మాత్రాన రుజువైందేమీ లేదు. అదే ఇరవై నాలుగు బ్యాచ్‌లు చూస్తే ఆ అవకాశం సుమారు నాలుగు శాతానికి పడిపోతుంది. వాళ్ల దగ్గర అది ఎన్ని బ్యాచ్‌లకోసారి వస్తోందో మీకు తెలియదు కనుక మెయిల్‌లో సంఖ్య వేయకండి. “ఇంతకుముందు ఎన్ని బ్యాచ్‌లకోసారి వచ్చిందో చూసి, దానికి మూడు రెట్లు బ్యాచ్‌లు గమనించాకే క్యాపా మూస్తాను” అని రాయండి. లైన్ మీద పనిచేసినవాడికి ఆ తేడా చదవగానే అర్థమవుతుంది.

ఇంకో జాగ్రత్త ఫార్మా వాళ్లకు ప్రత్యేకం. గదిలో ఆయన తమ ప్లాంట్ సంగతే చెప్పి ఉండొచ్చు. ఏ ప్రొడక్ట్, ఏ లైన్, ఎన్నిసార్లు అన్నది నోరు జారి ఉండొచ్చు కూడా. అవేవీ మెయిల్‌లో రాయకూడదు. “మీ ప్లాంట్‌లో మూడుసార్లు చెక్ తప్పిందని చెప్పారు కదా” అని బయటి మనిషి కంపెనీ మెయిల్‌కు రాతపూర్వకంగా పంపితే క్యూఏ హెడ్ గుండె ఝల్లుమంటుంది. ఇన్‌స్పెక్షన్లు ఎదుర్కొనే పరిశ్రమ ఇది, ఇక్కడ ప్రతి రాతకూ లెక్క ఉంటుంది. రహస్యం దాచలేని మనిషిని క్యూఏలో ఎవరూ పెట్టుకోరు. అందుకే ప్రశ్నను సాధారణ ప్రశ్నగానే రాయండి, వాళ్ల ప్లాంట్ కథగా రాయకండి.

ఇక ఉద్యోగానికి సరిపోతానని చెప్పడం. “నా నైపుణ్యాలు ఈ ఉద్యోగానికి చక్కగా సరిపోతాయని నమ్ముతున్నాను” అన్న వాక్యాన్ని రిసెప్షనిస్ట్ పోస్టుకైనా, గోడౌన్ సూపర్‌వైజర్ పోస్టుకైనా మార్చకుండా పంపొచ్చు. కాబట్టి అది ఏమీ చెప్పడం లేదు. వాళ్లకు కావలసింది ఒక పక్క, మీరు ఇప్పటికే చేస్తున్నది ఇంకో పక్క ఒకే వాక్యంలో నిలబడితే “సరిపోతాను” అన్న మాట రాయకుండానే అర్థమవుతుంది. జాబ్ డిస్క్రిప్షన్ మళ్లీ తెరిచి చూడండి. అందులో షాప్ ఫ్లోర్ క్యూఏ, అంటే ఐపీక్యూఏ పని ఉందనుకుందాం. మీ నాలుగేళ్లూ రివ్యూలోనే గడిచాయి, కనుక “ఐపీక్యూఏలో అనుభవం ఉంది” అని రాయకూడదు, రెఫరెన్స్ చెక్‌లో తేలిపోతుంది. కానీ రివ్యూలో ఖాళీ ఎంట్రీ దొరికినప్పుడు మీరు లైన్ దగ్గరికి వెళ్లి ఆపరేటర్‌తో మాట్లాడి ఉంటే ఆ నిజం ఇక్కడ బాగా పనికొస్తుంది. అలా ఎప్పుడూ వెళ్లకపోతే ఆ వాక్యం వదిలేసి, నిజంగా చేసినది ఇంకేదైనా పెట్టండి.

మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది. అయినా ముందు తెలుగులో రాసుకోండి. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే నెట్‌లో దొరికే అరిగిపోయిన వాక్యాలే చేతికొస్తాయి. తెలుగులో రాస్తే చెప్పదలచుకున్నది తేలుతుంది, ఆ తర్వాత దాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చుకోవచ్చు. మీ మెయిల్ ఇలా ఉండొచ్చు:

“నిన్న మధ్యాహ్నం క్యూఏ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం గురించి నాతో మాట్లాడినందుకు మీకు, క్యూఏ హెడ్ గారికి, ప్రొడక్షన్ మేనేజర్ గారికి ధన్యవాదాలు. ఈ మెయిల్‌ను వారిద్దరికీ కూడా పంపగలరని కోరుతున్నాను.

రిపీట్ డీవియేషన్ వస్తుంటే ఏం చేస్తావని ప్రొడక్షన్ మేనేజర్ గారు అడిగారు. షిఫ్ట్ మారేటప్పుడు తప్పిన చెక్ ఎవరి బాధ్యతో ముందు తేలుస్తానని నిన్న చెప్పాను. దానికి ఒకటి చేర్చాలి. ఆ డీవియేషన్ ఇంతకుముందు ఎన్ని బ్యాచ్‌లకోసారి వచ్చిందో చూసి, దానికి మూడు రెట్లు బ్యాచ్‌లలో ఆ ఒక్క ఎంట్రీని గమనించాకే క్యాపా మూస్తాను.

ఇప్పటి ఉద్యోగంలో నాలుగేళ్లుగా బ్యాచ్ రికార్డులు రివ్యూ చేస్తున్నాను. ఎంట్రీ ఖాళీగా కనిపిస్తే కాగితం వెనక్కి పంపే ముందు లైన్ దగ్గరికి వెళ్లి ఆపరేటర్‌తో మాట్లాడతాను. మీ ఉద్యోగంలో రోజంతా ఆ లైన్ దగ్గరే ఉండే పని కనుక, నేను వెళ్లాలనుకుంటున్న దిశ కూడా అదే.

ఇంకేమైనా వివరాలు కావాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయగలరు.”

ఇంగ్లీషులో ఇది నూట ముప్పై, నూట యాభై పదాల్లో ఇమిడిపోవాలి. ఫోన్ తెర మీద ఒకటిన్నర సార్లు వేలితో జరిపితే అయిపోయేంత. ఇంతకంటే పెరిగితే కోయాల్సింది రెండో పేరాలో కాదు, మొదటి పేరాలో. ధన్యవాదాలు ఒక్కసారి చెప్తే చాలు. “రెస్పెక్టెడ్ సర్”, “కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్” లాంటివి సెలవు చీటీల్లోంచి వచ్చిన అలవాట్లు, వాటిని అక్కడే వదిలేయండి. ప్యానెల్‌లో తెలుగువాళ్లే ఉన్నా ఇంగ్లీషు మెయిల్‌లో పేరు వెనక “గారు” పెట్టక్కర్లేదు. దాన్ని రేపు కంపెనీలో ఇంకెవరైనా, తెలుగు రానివాళ్లు కూడా చదవొచ్చు.

ఇక ఎవరికి అన్నది. మీ దగ్గర హెచ్‌ఆర్ ఐడీ ఒక్కటే ఉందంటే ఆవిడకే పంపండి. కంపెనీ మెయిల్ ఐడీలు ఇలా ఉంటాయని ఊహించి మిగతా ఇద్దరికీ కొట్టడం, వాళ్లను లింక్డ్‌ఇన్‌లో వెతికి మెసేజ్ పెట్టడం చేయకండి. ఇవ్వని తలుపు తట్టినట్టు ఉంటుంది, పైగా ఊహించిన ఐడీ తప్పయితే మీ మెయిల్ ఇంకెవరికో చేరుతుంది. ఒకవేళ ఇంటర్వ్యూ క్యాలెండర్ ఇన్వైట్‌లో ముగ్గురి ఐడీలూ కనిపిస్తుంటే ముగ్గురినీ ఒకే మెయిల్‌లో పెట్టి రాయొచ్చు. ముగ్గురికీ వేరువేరుగా రాయమని కొందరు సలహా ఇస్తారు. ముగ్గురితోనూ మూడు లోతైన చర్చలు జరిగి ఉంటేనే అది బాగుంటుంది. లేకపోతే పేరు మాత్రం మార్చిన మూడు కాపీలు పక్కపక్క సీట్లలో కూర్చునేవాళ్లకు చేరతాయి, వాళ్లు ఒకరికొకరు చూపించుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా ఇంటర్వ్యూకు పిలిచిన మెయిల్‌కే జవాబు ఇవ్వండి. ఆవిడ ఒకేసారి పదిహేను పోస్టులు చూస్తుండొచ్చు. పాత మెయిల్ కింద ఉంటే ఏ పోస్టు, ఏ తేదీ అని వెతుక్కోనక్కర్లేదు. కానీ ఆ పిలుపు ఏ ఐడీ నుంచి వచ్చిందో చూడండి. రిక్రూట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ పంపే నో-రిప్లై ఐడీ అయితే మీ జవాబును ఎవరూ చదవరు. అప్పుడు మేడమ్ సొంత ఐడీకి కొత్త మెయిల్ పెట్టి, సబ్జెక్ట్‌లో పోస్టు పేరు, ఇంటర్వ్యూ తేదీ రాయండి. అమీర్‌పేటలోనో ఇంకెక్కడో ఉన్న కన్సల్టెన్సీ ద్వారా వెళ్లి ఉంటే మాత్రం మెయిల్ కన్సల్టెంట్‌కు పంపి, కంపెనీకి చేర్చమని అడగాలి. వాళ్లను దాటి నేరుగా కంపెనీకి రాస్తే ఆ కన్సల్టెంట్‌తో సంబంధం చెడుతుంది.

పంపే ముందు రెండు చూసుకోండి. మొదటిది, ఏ ఐడీ నుంచి పంపుతున్నారో. ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీ ఐడీ నుంచి ఈ మెయిల్ వెళ్లిందంటే అక్కడ మీ రహస్యం బయటపడుతుంది, ఇక్కడ మీ వివేకం మీద అనుమానం వస్తుంది. రెండోది, పేర్ల స్పెల్లింగ్. ఇన్వైట్‌లో ఎలా ఉందో అక్షరం అక్షరం చూసి కొట్టండి. పేరు చూసి మిస్టరో మిజ్‌నో ఊహించకండి, అనుమానం ఉంటే పూర్తి పేరే రాయండి. పే స్లిప్‌లు, రిలీవింగ్ లెటర్ అడిగి ఉంటే వాటిని వేరే మెయిల్‌లో పంపండి. అటాచ్‌మెంట్లున్న మెయిల్‌ను డాక్యుమెంట్ల ఫోల్డర్‌లో పడేస్తారు, దాంతో మీ రెండో పేరా కూడా అక్కడికే పోతుంది.

ఈ పద్ధతి ప్రైవేటు కంపెనీలకే. మీ ఫ్రెండ్ రేపు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇంటర్వ్యూకు వెళ్లొచ్చి ఇలాగే బోర్డు సభ్యులకు రాస్తానంటే ఆపండి. సిఫార్సు చేయించినా, ఏ రకంగా ప్రభావితం చేయబోయినా అనర్హులవుతారని ఆ నోటిఫికేషన్లలోనే ఉంటుంది. అదే రోజు ఆఫర్ ఇచ్చేసే వాక్-ఇన్ డ్రైవ్‌లకు కూడా ఈ మెయిల్ అవసరం లేదు, అది చేరేసరికే నిర్ణయం అయిపోయి ఉంటుంది.

మీ మెయిల్‌కు జవాబు రాకపోతే దాన్ని ఏ సంకేతంగానూ తీసుకోకండి. హెచ్‌ఆర్ వాళ్లలో చాలామంది చదివి ఫార్వర్డ్ చేస్తారు తప్ప తిరిగి రాయరు. వద్దనుకున్న మనిషిని ఈ మెయిల్ లోపలికి తీసుకురాలేదు. ఇద్దరి మధ్య తేల్చుకోలేక ఊగుతున్నప్పుడు ప్రొడక్షన్ మేనేజర్‌కు మీ మాట గుర్తుకు తేవడం వరకే దీని పని. ఫలితం వారంలో చెప్తామని ఉంటే ఆ వారం, దాని మీద ఇంకో రెండు పనిదినాలు ఆగి, ఇదే మెయిల్ కింద రెండు లైన్లలో అడగండి: “క్యూఏ ఎగ్జిక్యూటివ్ ఇంటర్వ్యూ ఫలితం గురించి తెలుసుకోవాలని రాస్తున్నాను. ఇంకా సమయం పట్టేలా ఉంటే ఎప్పుడు అడగవచ్చో చెప్పగలరు.” వాట్సాప్‌లో మాత్రం అడగకండి, ఆవిడే ముందు అక్కడ మాట్లాడి ఉంటే తప్ప.